గుడ్ల అట్టపెట్టె చదవడం ఎలా: గ్రేడ్, సైజు, కేజ్-ఫ్రీ, ఫ్రీ రేంజ్ మాటలకు అసలు అర్థాలు

అమెరికా సూపర్ మార్కెట్‌లో గుడ్ల ఫ్రిజ్ ముందు నిలబడితే ఒకే డజను గుడ్లకు పదిరకాల ధరలు కనిపిస్తాయి. ఒక పెట్టె మీద పచ్చిక బయలు బొమ్మ, ఇంకో దాని మీద ఎర్రటి కొట్టం బొమ్మ, మరొకటి ఏ బొమ్మా లేని బూడిదరంగు అట్ట. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో చాలాకాలం ఫ్రీ రేంజ్ అని ఉన్న పెట్టె తీసుకుని, కోళ్లు రోజంతా ఆరుబయట గింజలు ఏరుకు తింటున్నాయనే అనుకున్నాను. తర్వాత ఆ మాటకు నిర్వచనం చదివాక అర్థమైంది, నేను డబ్బు పెట్టింది పెట్టె మీద ఉన్న బొమ్మకని.

పెట్టె మీద రాసినవన్నీ నిజానికి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. గుడ్డు ఎప్పుడు పెట్టెలోకి వచ్చింది? అప్పుడు లోపల ఎలా ఉంది? బరువెంత? దాన్ని పెట్టిన కోడి ఎక్కడ బతికింది? ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఇంకోదానికి చెల్లదు. గ్రేడ్ ఏ అంటే కోడి బాగా బతికిందని కాదు, కేజ్-ఫ్రీ అంటే గుడ్డు తాజాదని కాదు. కాబట్టి ఒక్కో ప్రశ్నను విడిగా, ఈ వరసలో చదవండి.

1. ముందు పెట్టె పక్కఅంచు చూడండి

పై మూత వదిలేసి, పెట్టె చివర ఉన్న చిన్న అంచు వైపు తిప్పండి. అక్కడ సిరా చుక్కలతో కొట్టిన అంకెలు ఉంటాయి. వాటిలో 'పి' అక్షరంతో మొదలయ్యేది గుడ్లను ప్యాక్ చేసిన ప్లాంటు నంబరు. దాని దగ్గర్లోనే మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది ప్యాక్ చేసిన రోజు. జనవరి 1 అంటే 001, డిసెంబరు 31 అంటే 365. నెలా తేదీ రాయకుండా ఏడాదిలో ఎన్నో రోజో లెక్క రాస్తారు. యూఎస్‌డీఏ, అంటే అమెరికా వ్యవసాయ శాఖ, గ్రేడ్ ముద్ర ఉన్న ప్రతి పెట్టె మీదా ఈ సంఖ్య ఉండి తీరాలి.

దీన్ని తేదీగా మార్చుకోవడానికి ఒక చిన్న పట్టిక గుర్తుంటే చాలు: జనవరి చివరికి 31, ఫిబ్రవరి చివరికి 59, మార్చికి 90, ఏప్రిల్‌కు 120, మేకు 151, జూన్‌కు 181. మిగతా నెలలు అలాగే కలుపుకుంటూ పోవచ్చు. లీపు సంవత్సరమైతే ఫిబ్రవరి నుంచి ఒకటి ఎక్కువ వేసుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకు, పెద్ద అక్షరాల్లో తేదీ ఉంటుంది కదా అనిపిస్తుంది. చిక్కు ఆ తేదీతోనే. అది రెండు రకాలుగా ఉంటుంది. ముద్ర ఉన్న పెట్టెల మీద 'సెల్ బై' అని రాస్తే, ప్యాక్ చేసిన రోజుతో కలిపి 30 రోజులకు మించకూడదు. 'యూజ్ బై' అనో 'బెస్ట్ బై' అనో రాస్తే 45 రోజుల దాకా వెళ్లొచ్చు. మొదటిది దుకాణం అమ్మాల్సిన గడువు, రెండోది మీరు వాడుకోవాల్సిన గడువు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేస్తాం, అక్కడే పొరపాటు జరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈరోజు జూన్ 14. ఒక పెట్టె మీద 142, బెస్ట్ బై జూలై 5 అని ఉంది. పక్కదాని మీద 155, సెల్ బై జూలై 3 అని ఉంది. పెద్ద అక్షరాలు చూసి తీసుకునేవాళ్లు మొదటిదే తాజాదనుకుంటారు, రెండు రోజులు ఎక్కువ గడువుంది కదా అని. ఇప్పుడు మూడంకెలు చూడండి. 142 నుంచి ఏప్రిల్ దాకా ఉన్న 120 తీసేస్తే 22 మిగిలింది, అంటే మే 22. 155 నుంచి మే దాకా ఉన్న 151 తీసేస్తే 4, అంటే జూన్ 4. మొదటి పెట్టె ప్యాక్ అయి 23 రోజులైంది, రెండోది 10 రోజులే. దూరంగా తేదీ ఉన్నదే పాతది.

పాత గుడ్డంటే పాడైన గుడ్డని కాదు. 40 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 4 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకన్నా చల్లగా ఉంచితే, మీ ఫ్రిజ్‌లో పెట్టిన రోజు నుంచి మూడు నుంచి అయిదు వారాలు వాడుకోవచ్చు. ఉడకబెట్టి పెంకు వలవాలంటే కొంచెం పాతదే నయం. గుడ్డు పెట్టినప్పటి నుంచి తెల్లసొనలోని కార్బన్ డయాక్సైడ్ పెంకు రంధ్రాల గుండా మెల్లగా బయటికి పోతుంది, సొన క్షారగుణం పెరుగుతుంది, లోపలి పొరకు అతుక్కునే పట్టు తగ్గుతుంది. నిన్న మొన్నటి గుడ్డు ఉడికిస్తే పెంకుతో పాటు తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చేది ఇందుకే. ఉడకబెట్టడానికి 142 పెట్టె, పగలగొట్టి పెనం మీద వేయడానికి 155 పెట్టె తీసుకుంటాను నేను.

2. గ్రేడ్, దాని పక్కన ముద్ర

ఏఏ, ఏ, బీ అని మూడు గ్రేడ్లు. ఇవి గుడ్డు లోపలి స్థితికీ, పెంకుకీ సంబంధించినవి. ప్యాకింగ్ ప్లాంటులో గుడ్డును వెలుతురు ముందు తిప్పి చూస్తారు. గుడ్డు వెడల్పాటి కొసన గాలి ఉండే చిన్న అర ఎంత లోతుందో, పచ్చసొన అంచులు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది. తాజా గుడ్డులో గాలి అర చిన్నది. రోజులు గడిచేకొద్దీ తేమ ఆవిరై అర పెద్దదవుతుంది. ఏఏ గ్రేడ్‌కు ఈ అర లోతు అంగుళంలో ఎనిమిదో వంతు దాటకూడదు, ఏ గ్రేడ్‌కు పదహారింట మూడు వంతులు దాటకూడదు. పెంకు శుభ్రంగా, పగుళ్లు లేకుండా ఉండాలి.

తేడా ఇంట్లో కళ్లారా చూడొచ్చు. ఒక గుడ్డు చదునైన పళ్లెంలో పగలగొట్టండి. పచ్చసొన గుండ్రంగా ఎత్తుగా నిలబడి, చుట్టూ చిక్కటి తెల్లసొన గట్టుకట్టినట్టు ఉంటే అది ఏఏ తీరు. పచ్చసొన కాస్త వాలి, తెల్లసొన కొంచెం పరుచుకుంటే ఏ. పళ్లెమంతా నీళ్లలా పాకిపోయి, పచ్చసొన బల్లపరుపుగా పడుకుంటే బీ. తెల్లసొన ఎత్తును కొలిచి గుడ్డు బరువుతో సరిచూసే ఈ పద్ధతికి 1937లో రేమండ్ హా అనే ఆయన ఒక సూత్రం ఇచ్చారు. పరిశ్రమలో ఇప్పటికీ ఆయన పేరుతోనే ఆ కొలత పిలుస్తారు.

ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. గ్రేడ్ ప్యాక్ చేసిన నాటి స్థితి మాత్రమే చెబుతుంది. ఏఏ అని ముద్రపడిన గుడ్డు మీ ఫ్రిజ్‌లో మూడు వారాలుంటే లోపల ఏ తీరుకు దిగివచ్చి ఉండొచ్చు, పెట్టె మీద మాత్రం ఏఏ అనే ఉంటుంది. అందుకే మూడంకెల సంఖ్యను ముందు చదవమన్నది. కొత్తగా ప్యాక్ అయిన ఏ గ్రేడ్, నెల దాటిన ఏఏ కన్నా మెరుగ్గా ఉండొచ్చు. పోషకాల్లో గ్రేడ్లకు తేడా లేదు. బీ గ్రేడ్ మాత్రం దుకాణాల్లో దాదాపు కనిపించదు, అది పగలగొట్టి ద్రవరూపంలో అమ్మేవాళ్లకు పోతుంది.

యూఎస్‌డీఏ డాలు ఆకారపు ముద్ర ఉంటే ఆ శాఖ గ్రేడర్ పర్యవేక్షణలో గుడ్లు గ్రేడ్ చేశారని, బరువు సరిచూశారని అర్థం. ఈ సేవ కంపెనీలు ఇష్టంతో డబ్బు కట్టి తీసుకునేది, తప్పనిసరి కాదు. ముద్ర లేకుండా ఉత్త 'గ్రేడ్ ఏ' అని ఉంటే అది రాష్ట్ర నిబంధనల కిందకు వస్తుంది. అదేమీ మోసం కాదు, కాకపోతే యూఎస్‌డీఏ మనిషి చూసిన గుడ్డు కాదు.

3. సైజు అంటే పొడవూ వెడల్పూ కాదు, డజను బరువు

లార్జ్ అన్న మాట గుడ్డు చూపుకు ఎంత ఉందో చెప్పదు. డజను గుడ్లు పెంకులతో సహా కనీసం ఎంత తూగాలో చెబుతుంది. మీడియం డజనుకు 21 ఔన్సులు, లార్జ్‌కు 24, ఎక్స్‌ట్రా లార్జ్‌కు 27, జంబోకు 30. కింద స్మాల్ 18, పీవీ 15 ఉన్నాయి గానీ మామూలు దుకాణాల్లో అరుదు. మెట్టుకు మెట్టుకు మధ్య 3 ఔన్సులే తేడా కాబట్టి ఇది గుర్తుంచుకోవడం తేలిక.

ఇది డజను మొత్తానికి లెక్క. అందుకే ఒకే లార్జ్ పెట్టెలో ఒక గుడ్డు కొంచెం చిన్నదిగా, పక్కది కొంచెం పెద్దదిగా కనిపించినా తప్పుకాదు. విడి గుడ్డుకు కూడా హద్దు ఉంది, లార్జ్ అయితే డజనుకు 23 ఔన్సుల చొప్పున లెక్కగట్టిన బరువు కన్నా తగ్గకూడదు. సైజుకూ నాణ్యతకూ సంబంధం లేదు. ఎక్కువగా కోడి వయసుతో సంబంధం. కొత్తగా గుడ్లు పెట్టడం మొదలెట్టిన చిన్న పెట్ట చిన్న గుడ్లు పెడుతుంది, వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పలచబడుతుంది. జంబో గుడ్లు సంచీలో త్వరగా చిట్లేది అందుకే.

కొనేటప్పుడు ఈ బరువులతో ఒక చిన్న భాగహారం చేస్తే చాలు. లెక్క కోసం ధరలు ఇలా ఉన్నాయనుకోండి: మీడియం డజను 2 డాలర్ల 94 సెంట్లు, లార్జ్ 3 డాలర్ల 60, ఎక్స్‌ట్రా లార్జ్ 3 డాలర్ల 78. సెంట్లను ఔన్సులతో భాగించండి. మీడియం 294ను 21తో భాగిస్తే ఔన్సు 14 సెంట్లు. లార్జ్ 360ని 24తో భాగిస్తే 15. ఎక్స్‌ట్రా లార్జ్ 378ని 27తో భాగిస్తే మళ్లీ 14. అందరూ అలవాటుగా తీసుకునే లార్జే ఇక్కడ ఖరీదైనది. మీరు పొద్దున్నే మనిషికి రెండు గుడ్లు లెక్కన వండేవాళ్లయితే మీడియం లాభం, మనిషికి ఇన్ని గ్రాములని చూసుకునేవాళ్లయితే మీడియం లేదా ఎక్స్‌ట్రా లార్జ్.

ఒక హెచ్చరిక మాత్రం కేకులు చేసేవాళ్లకు. అమెరికా వంటల పుస్తకాల్లో గుడ్డు అంటే లార్జ్ అనే. పెంకు తీస్తే అది సుమారు 50 గ్రాములు. నాలుగు గుడ్లు అన్నచోట 200 గ్రాములు కావాలి. మీ దగ్గర జంబో ఉంటే ఒక్కోటి సుమారు 63 గ్రాములు, నాలుగు వేస్తే 250 దాటి పిండి జారిపోతుంది. పగలగొట్టి, కొంచెం గిలకొట్టి, 200 గ్రాములు తూచి పోసుకోండి.

4. కోడి బతుకు చెప్పే మాటలు

ఇక్కడ తొందరపడకూడదు. ఎక్కువ డబ్బు ఈ మాటల మీదే పోతుంది.

మాటేమీ లేకపోతే సాధారణంగా కేజ్ గుడ్లని లెక్క. అమెరికాలో గుడ్ల ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్న మార్గదర్శకాల్లో మామూలు కేజ్‌లో తెల్ల కోడికి కనీసం 67 చదరపు అంగుళాలు. మనం ప్రింటర్‌లో పెట్టే లెటర్ సైజు కాగితం 93 చదరపు అంగుళాలకు పైనే. ఆ కాగితంలో నాలుగింట మూడు వంతుల కన్నా తక్కువ చోటు అది. రెక్కలు పూర్తిగా చాచడానికి చోటు లేదు. గుడ్డు పెట్టేముందు పెట్ట చాటుగా ఉండే మూల కోసం వెతుకుతుంది, ఒకచోట కూర్చుని లేచి మళ్లీ తిరిగి గూడు చేసుకోవాలని చూస్తుంది. తీగల నేల మీద ఆ మూల ఎప్పటికీ దొరకదు. కేజ్‌లో ఇది నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది.

కేజ్-ఫ్రీ: యూఎస్‌డీఏ నిర్వచనం ప్రకారం కోళ్లు కేజ్‌లో కాకుండా ఒక షెడ్డులోనో గదిలోనో స్వేచ్ఛగా తిరగగలగాలి, మేతా నీళ్లూ ఎప్పుడూ అందాలి. అంతే. ఆరుబయలు ఇందులో లేదు. వేల కోళ్లు ఒకే షెడ్డులో, అంతస్తులు అంతస్తులుగా కట్టిన అరల మధ్య తిరుగుతుంటాయి. రద్దీలో ఒకదాన్నొకటి పొడుచుకోవడం, దుమ్ము, ఎత్తు నుంచి దూకి రొమ్ము ఎముక విరగడం అక్కడి సమస్యలు. అయినా నడవగలదు, రెక్క చాచగలదు. కేజ్‌కీ కేజ్-ఫ్రీకీ మధ్య ఉన్న ఈ మెట్టు నిజమైనదే, తక్కువ చేయకూడదని నా అభిప్రాయం.

మీరు కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో విషయం. 2018లో ఓటర్లు ఆమోదించిన ప్రొపోజిషన్ 12 ప్రకారం 2022 నుంచి ఆ రాష్ట్రంలో అమ్మే గుడ్లు కేజ్-ఫ్రీ కోళ్లవే అయి ఉండాలి. అక్కడ ఆ మాట కోసం ప్రత్యేకంగా ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

ఫ్రీ రేంజ్: కేజ్-ఫ్రీకి ఉన్నవన్నీ ఉండాలి, పైగా గుడ్లు పెట్టే కాలమంతా ఆరుబయటికి వెళ్లే వీలుండాలి. 'వీలు' అన్న మాట దగ్గర ఆగండి. బయట కోడికి ఎంత చోటుండాలో, అక్కడ గడ్డి ఉండాలో లేదో యూఎస్‌డీఏ నిర్వచనం చెప్పదు. పొడవాటి షెడ్డు గోడకు కొన్ని చిన్న తలుపులు పెట్టి, వాటి అవతల కంచె వేసిన నేల ఉన్నా ఆ మాట రాసుకోవచ్చు. షెడ్డు నడిమధ్య ఉన్న కోడి తోటి కోళ్లను దాటుకుని ఆ తలుపు దాకా వస్తుందన్న నమ్మకం లేదు. వచ్చినా, కోడి అడవి పక్షి సంతతి, పైన గద్ద తిరుగుతుందేమోనన్న భయం దాని ఒంట్లోనే ఉంది. చెట్టో పందిరో లేని ఖాళీ మైదానంలోకి అది దూరం వెళ్లదు. నేను మొదట్లో కొన్న పెట్టె మీద ఉన్న పచ్చిక బయలుకూ ఈ నిర్వచనానికీ మధ్య ఉన్న దూరం ఇదే.

పాశ్చర్ రైజ్‌డ్: పచ్చికలో పెరిగిందని మాటకు అర్థం. అయితే కోడికి ఇన్ని అడుగుల పచ్చిక ఉండాలని ప్రభుత్వం అంకె పెట్టలేదు. ఒంటరిగా ఈ మాట చూసి నమ్మేయకండి.

మరి అంకె ఎక్కడ దొరుకుతుంది? స్వతంత్ర సంస్థల ముద్రల్లో. ఉదాహరణకు సర్టిఫైడ్ హ్యూమేన్ ముద్ర ఉంటే ఈ మాటలకు కొలతలు వస్తాయి. వాళ్ల కేజ్-ఫ్రీలో షెడ్డు రకాన్ని బట్టి కోడికి 1 నుంచి 1.5 చదరపు అడుగులు, గుడ్డు పెట్టే గూళ్లు, కూర్చునే కమ్ములు, మట్టిస్నానం చేసుకునే పొడినేల ఉండాలి. ఫ్రీ రేంజ్ అయితే బయట కోడికి 2 చదరపు అడుగులు, వాతావరణం అనుకూలిస్తే రోజుకు కనీసం 6 గంటలు. పాశ్చర్ రైజ్‌డ్ అయితే 108 చదరపు అడుగులు, అంటే వెయ్యి కోళ్లకు రెండున్నర ఎకరాలు, పచ్చికను మార్చుతూ తిప్పాలి. 2కూ 108కీ మధ్య తేడా చూడండి. ఒకే ముద్ర, ఒకే రకం పచ్చబొమ్మ, పక్కపక్కన రెండు పెట్టెలు, కోడి కాలికింద నేల మాత్రం 54 రెట్లు.

కాబట్టి చదివే పద్ధతి ఇది: ముద్ర పేరు ఒక్కటే చూస్తే సరిపోదు, ముద్ర పక్కన మాట కూడా చూడాలి. మాట ఒక్కటే ఉండి ముద్ర లేకపోతే కనీస అర్థమే తీసుకోండి. కోడి ముక్కు కొస కోయకూడదని కూడా మీకు పట్టింపు ఉంటే యానిమల్ వెల్ఫేర్ అప్రూవ్డ్ ముద్ర వెతకాలి, సర్టిఫైడ్ హ్యూమేన్‌లో ముక్కు కత్తిరింపుకు పరిమితంగా అనుమతి ఉంది.

ఆర్గానిక్: ఇది ముఖ్యంగా మేత గురించి, కానీ కేజ్ ఉండకూడదు, బయటికి వెళ్లే వీలుండాలి అన్నవి కూడా ఇందులో ఉన్నాయి. చాలాకాలం కొన్ని పెద్ద ఫారాలు షెడ్డుకు ఆనుకుని చుట్టూ మూసిన వరండా కట్టి దాన్నే ఆరుబయలుగా చూపించేవి. 2023లో ప్రకటించిన కొత్త నియమంతో అలాంటి మూసిన వరండా ఆరుబయలు కిందకు రాదు. ఉన్న ఫారాలకు బయటి చోటు లెక్క సరిచేసుకోవడానికి 2029 దాకా గడువిచ్చారు.

ఇంకో మాట చెప్పాలి, మనసుకు కష్టమైనా. వీటిలో ఏ మాటా పుంజు పిల్లల గురించి ఏమీ చెప్పదు. గుడ్ల జాతి కోళ్లలో పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికీ పనికిరావు, అందుకే గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజే వాటిని చంపడం పరిశ్రమలో మామూలు, పాశ్చర్ పెట్టెకైనా సరే. గుడ్డులో ఉండగానే ఆడా మగా తేల్చే పద్ధతులు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి.

5. దాటేసి పోవాల్సిన మాటలు

'నో హార్మోన్స్': అమెరికాలో కోళ్లకు హార్మోన్లు వాడటానికి అనుమతే లేదు, కాబట్టి ప్రతి పెట్టెకూ ఇది నిజమే. 'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్': కోడి బతుకు గురించి ఏమీ చెప్పవు. 'వెజిటేరియన్ ఫెడ్': మేతలో జంతు పదార్థాలు కలపలేదని. కోడి స్వభావం మాత్రం పురుగూ పుట్రా ఏరుకు తినేది, నిజంగా పచ్చికలో తిరిగే కోడికి ఈ మాట పొసగదు. గోధుమరంగు పెంకు కోడి జాతిని చెబుతుంది, పోషకాన్ని కాదు. ముదురు పచ్చసొన మేతను చెబుతుంది, మేతలో బంతిపూల సారం కలిపినా ఆ రంగు వస్తుంది. ఒమేగా-3 అన్నది మాత్రం ఉత్తమాట కాదు. అవిసె గింజల్లాంటివి మేతలో కలిపితే గుడ్డులో అది నిజంగా పెరుగుతుంది, ఎన్ని మిల్లీగ్రాములో పెట్టె మీద చూసుకోండి.

6. బండిలో వేసేముందు

మూత తెరవండి. ఒక్కో గుడ్డును వేలికొసతో కొంచెం తిప్పండి. తిరగకుండా అడుగుకు అతుక్కున్న గుడ్డు కింద చిట్లి కారి ఎండిందని లెక్క, ఆ పెట్టె వదిలేయండి. తడి మరకలున్నా, పెట్టె చల్లగా లేకపోయినా వద్దు. ఇక్కడి గుడ్లు కడిగి అమ్ముతారు, కడిగినప్పుడు పెంకు మీద సహజంగా ఉండే పలుచని పూత పోతుంది, అందుకే ఇవి చలిలోనే ఉండాలి. ఇంటికెళ్లాక పెట్టెతోనే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపులో వద్దు. విడి గిన్నెలోకి మార్చేస్తే ఆ మూడంకెల సంఖ్య చెత్తబుట్టలోకి పోతుంది. మార్చక తప్పకపోతే ఒక గుడ్డు పెంకు మీద పెన్సిల్‌తో 155 అని రాసుకుని, ఆ గుడ్డును అన్నిటికన్నా చివర వాడండి.